చిట్టి మొదటి పన్ను: మా ఇంటి ప్రాజెక్టు డైరీ

జూన్ 21, శనివారం

పొద్దున్న జామకాయ కొరకబోయి చిట్టి ఆగిపోయింది. "అమ్మా, నా పన్ను కదులుతోంది" అంది. గొంతులో ఏడుపుందో గర్వముందో నాకు తేలలేదు, దానికీ తేలినట్టు లేదు. చెయ్యి కడుక్కుని వేలితో తాకి చూశాను. కింద వరుసలో, మధ్యలో, ఎడమ వైపుది. ముందుకీ వెనక్కీ కొద్దిగా ఊగుతోంది. పక్కది మాత్రం రాయిలా ఉంది.

ఏడో నెలలో దానికి మొట్టమొదట వచ్చిన పన్ను ఇదే. ముందొచ్చినవే ముందు పోతాయి, ఎక్కువమందికి ఆరూ ఏడేళ్ల మధ్య. దీనికి మొన్న మే నెలలో ఆరు నిండాయి, అంటే లెక్క ప్రకారమే నడుస్తోంది. కదలడం మొదలయ్యాక ఊడటానికి కొన్ని వారాలు పట్టొచ్చు. ఆ కొన్ని వారాలే మాకున్న టైం.

క్లాసులో ఎవరో అమ్మాయికి పన్ను ఊడితే దిండు కింద ఐదు వందల నోటు పెట్టారట, దేవకన్య వచ్చి పెట్టిందని చెప్పారట. మా ఇంట్లో ఐదు వందలా లేవు, దేవకన్యా లేదు. చిన్న వేడుక, ఒక ఉత్తరం, ఒక కానుక అని ఆయనా నేనూ అనుకున్నాం. బడ్జెట్ మూడు వందలు.

జూన్ 29, ఆదివారం

రాత్రి పళ్లు తోముతుంటే టార్చి వేసి చూసి హడలిపోయాను. ఊగుతున్న పన్ను వెనకాల, నాలుక వైపు, చిగుర్లోంచి ఇంకో పన్ను తెల్లగా తొంగి చూస్తోంది. పాతది ఊడకుండానే కొత్తది వచ్చేసింది. రెండు వరుసలు. పన్ను మీద పన్ను వస్తే అదృష్టం అని మా అమ్మ ఫోన్లో అంది కానీ నాకు టెన్షన్ తగ్గలేదు.

జూన్ 30, సోమవారం

పళ్ల డాక్టరు గారి దగ్గరికి వెళ్లాం. చూసి నవ్వేశారు. కింద ముందు పళ్ల విషయంలో ఇది మామూలేనట. కొత్త పన్ను పుట్టేదే పాలపన్ను వేరుకి కొంచెం వెనక. అది పైకి వస్తున్నకొద్దీ పాలపన్ను వేరు కింద నుంచి కరుగుతూ వస్తుంది. వేరు మొత్తం కరిగాక, పట్టు లేక పన్ను ఊడిపోతుంది. కొత్తది సరిగ్గా కింద నుంచి కాక కాస్త వెనకగా వస్తే వేరు పూర్తిగా కరగదు, అందుకే పాతది వేలాడుతూ ఉంటుంది.

"ఊగుతోంది కదా, ఇంక భయం లేదు. రోజూ నాలుకతో తోస్తూ ఉండమ్మా" అన్నారు చిట్టితో. అది ఊడి చోటిస్తే కొత్తదాన్ని నాలుకే మెల్లగా ముందుకి తోస్తుందట. కొత్త పన్ను బాగా పైకి వచ్చేసి, రెండు మూడు నెలలు దాటినా పాతది కదలకుండా గట్టిగా ఉంటే అప్పుడు తీసుకు రమ్మన్నారు. దారం కట్టి లాగడం లాంటివి వద్దన్నారు. వేరు మిగిలి ఉండగా లాగితే నొప్పీ, రక్తమూ రెండూ ఎక్కువే.

అదృష్టం సంగతి అడుగుదామనుకుని సిగ్గేసి ఊరుకున్నాను.

జూలై 5, శనివారం

అత్తయ్య ఎలమంచిలి నుంచి వచ్చారు. సంచీలో ములక్కాడలు, అరటిపళ్లు, వాటికి విడిగా అడ్డాకులో చుట్టిన పొట్లం ఒకటి. విప్పితే పేడ. బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చారట.

"మీ ఊళ్లో దొరకదు కదమ్మా" అన్నారు.

"అత్తయ్యా, పన్ను ఇంకా ఊడలేదండీ."

"ఊడినప్పుడు ఎక్కడికని పరిగెడతావు?"

అత్తయ్య చిన్నప్పుడు ఊడిన పన్నుని పేడముద్దలో పెట్టి పెంకుటింటి మీదకి విసిరేవారట. కాళ్లకింద పడి ఎవరూ తొక్కకూడదని, పెంకుల సందుల్లో తిరిగే ఎలకలూ ఉడతలూ తీసుకుపోయి వాటి పళ్లలాంటి గట్టి పళ్లు ఇస్తాయని. చిట్టి నోరు తెరుచుకుని వింది. వాటి ముందు పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి, కొరికి అరగదీసుకోకపోతే వాటికే కష్టం. కొత్త పన్ను కావాలంటే ఉడతని అడగడంలో మంచి తెలివే ఉందనిపించింది నాకు.

పేడ మాత్రం నాకు నచ్చలేదు. ధనుర్వాతం క్రిములు ఉండేది మట్టిలోనూ పేడలోనూ కదా. చిట్టికి ఐదేళ్లకి వేయాల్సిన డీపీటీ బూస్టర్ వేయించాం, సరే. అయినా అప్పుడే పన్ను ఊడి చిగురు పచ్చిగా ఉన్న పిల్ల, గంటకోసారి ఆ సందులో వేలు పెట్టే పిల్ల, అదే చేత్తో పేడ పిసకడం ఏంటి? అత్తయ్యతో ఈ మాట ఎలా అనాలో తెలియక అరగంట వంటింట్లో తిరిగాను. చివరికి అంటే, ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి "ముద్ద నేను చేస్తాను. పైన తమలపాకు చుట్టేద్దాం. పిల్ల ఆకుని పట్టుకుంటుంది" అన్నారు. అరగంట వృథా.

అసలు చిక్కు వేరే ఉంది. మాది నాలుగంతస్తుల అపార్ట్‌మెంటు. పెంకులేవి?

జూలై 6, ఆదివారం

కానుక కోసం ఏటికొప్పాక వెళ్లాం, అత్తయ్య వాళ్ల ఊరికి దగ్గరే. వరాహ నది ఒడ్డున ఉంటుంది. లక్క బొమ్మల ఊరు. 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చాక పేరు ఇంకా పెరిగింది కానీ, అత్తయ్యకి అది చిన్నప్పటి నుంచీ కుంకుమ భరిణెల ఊరే.

చిట్టి ఒక మిషను దగ్గర నిలబడి కదల్లేదు. అంకుడు కర్ర ముక్క గిర్రున తిరుగుతుంటే బొమ్మలు చేసే ఆయన ఉలి ఆనించి గుండ్రంగా చెక్కాడు. తర్వాత రంగు కలిపిన లక్క కడ్డీ తీసి, తిరుగుతున్న కర్రకి అదిమి పట్టాడు. కుంచె లేదు, నీళ్లు లేవు. రాపిడికి పుట్టిన వేడికే లక్క కరిగి కర్రకి అంటుకుంది. పైన ఎండు మొగలాకు పెట్టి రుద్దగానే, మసకగా ఉన్న పసుపు గాజులా మెరిసింది. "మళ్లీ చెయ్యండి" అంది చిట్టి. ఆయన ఇంకోటి చేశాడు పాపం.

బొటనవేలంత భరిణె ఒకటి తీసుకున్నాం, పసుపు మీద ఎర్ర గీతలు. కొనేముందు రెండు విషయాలు చూశాను. మూత తిప్పే రకం కాదు, నొక్కే రకం. అది మరీ బిగువుగా ఉంటే పిల్ల పళ్లతో తీస్తుంది, ఇప్పుడున్న పరిస్థితిలో అది వద్దు. రెండోది లోపల కూడా నున్నగా చెక్కారా లేదా అని. లోపల పేళ్లు ఉంటే అంత చిన్న పన్ను వాటిలో ఇరుక్కుంటుంది. బడ్జెట్ దాటలేదు. మిగిలిన డబ్బుతో మా ఆయన ఒక బొంగరం కొన్నారు. అది ఎవరికి అని నేను అడగలేదు.

భరిణె ఎందుకో చిట్టికి చెప్పలేదు. నానమ్మ కుంకుమకి అనుకుంది.

జూలై 10, గురువారం

ఉత్తరం. ఇది చేతిపనుల కంటే కష్టం అని ముందు తెలియలేదు.

మొదటి చిత్తుప్రతి ఉడత పేరున రాశాను. బాగా వచ్చిందనుకుని ఆయనకి చూపించాను. "దీనికి నీ చేతిరాత తెలుసు" అన్నారు. నిజమే, రోజూ టిఫిన్ డబ్బా మీద చీటీ అంటించేది నేనే. పోనీ అత్తయ్య చేత రాయిద్దామంటే, ఆవిడది పాతకాలపు గొలుసుకట్టు రాత, చిట్టి ఒక్క ముక్క చదవలేదు. పైగా ఉడతే రాసిందని నిజంగా నమ్మించడం నాకు ఎందుకో ఇష్టం లేదు.

రాత్రి అది పడుకున్నాక నోట్లో టార్చి వేసి చూస్తుంటే, నిద్రపోనివ్వని తల్లిని నేనే, ఆ వెనకాల తొంగి చూస్తున్న కొత్త పన్ను కనపడింది. రాయాల్సింది ఇదే కదా! లోపలే ఉంది, అన్నీ చూస్తోంది, చేతులు లేవు కాబట్టి అమ్మ చేత రాయిస్తుంది. అబద్ధం లేదు, ఆట మిగిలింది.

రెండో చిత్తుప్రతి పక్క గదిలో కూచుని పూర్తి చేశాను. ఉదయం పరీక్షగా ఓ రెండు వాక్యాలు వేరే కాగితం మీద రాసి చిట్టి చేత చదివించాను. "శాశ్వత దంతం" దగ్గరే బండి ఆగిపోయింది. ఒకటో తరగతి పిల్లకి గుణింతాలు వచ్చు. అమ్మ, అక్క, పెట్టె లాంటి అదే అక్షరం కింద అదే ఒత్తు వచ్చే మాటలు ఈ మధ్యే పట్టుబడ్డాయి. వేరే ఒత్తు వస్తే చాలు, బిక్కమొహం వేస్తుంది. "శాశ్వత"లో శకారం కింద వకారం. అసలు ఆ మాట నాకెందుకు తట్టిందో, ఇంట్లో ఎవరం అనం.

కాబట్టి రూలు: వేరే ఒత్తులు ఒక్కటి కూడా ఉండకూడదు. రాయడానికి కూచుంటే తెలిసింది, తెలుగులో ఒత్తు లేకుండా మాట్లాడటం ఎంత కష్టమో. "బ్రష్" పోయింది, దాని బదులు "తోము" వచ్చింది. నిజానికి అదే మంచి మాట. "వస్తున్నా" పోయి "రానా" అయింది. "కాస్త" పోయి "కొంచెం". "రాత్రి" పోయి "పడుకునే ముందు". చివర్న "ఇట్లు" రాయడానికి లేదు, ఉత్తరానికి తోక లేనట్టయింది. ఏళ్లు లెక్క చెబుదామంటే అందులో ళకారం కింద లకారం, తీసేశాను. "పన్ను" మాత్రం బతికింది, అది నకారానికి నకారమే. అది పోయుంటే ఉత్తరమే ఉండేది కాదు.

మూడో ప్రతి ఇదీ:

"చిట్టీ,
నేను నీ కొత్త పన్నుని. నాకు చేతులు లేవు. అందుకే ఈ జాబు అమ్మ రాసింది.
నీ పాల పన్ను వెనక దాగి ఉన్నాను. చాలా కాలం చీకటిలో ఉన్నాను. ఇక బయటికి రానా?
నేను కొంచెం పసుపుగా ఉంటాను. నా అంచు రంపంలా ఉంటుంది. భయపడకు. నేను ఇలాగే ఉంటాను.
ఉదయం లేవగానే నన్ను తోము. పడుకునే ముందు కూడా తోము. నేను ఊడిపోతే ఇంకో పన్ను రాదు.
ఈ పసుపు పెట్టె నీకే.
నీ కొత్త పన్ను"

పసుపు, రంపం అన్న మాటలు కావాలనే పెట్టాను. పాలపళ్ల పక్కన కొత్త పన్ను కొంచెం పసుపుగానే కనిపిస్తుంది, పై అంచున మూడు చిన్న బొడిపెలు ఉంటాయి, కొరకగా కొరకగా అరిగిపోతాయి. ముందే చెప్పకపోతే తోమకపోవడం వల్ల పాడైందని పిల్లా, విరిగిందని నేనూ ఏడుస్తాం.

అక్షరాలు పెద్దగా, మాటకీ మాటకీ మధ్య వేలెడు ఖాళీ వదిలి, నల్ల స్కెచ్‌తో రాశాను. ఆ ఖాళీ వదలకపోతే అది రెండు మాటలు కలిపి చదివి ఆగిపోతుంది.

జూలై 12, శనివారం

విసిరే రిహార్సల్. పెంకుల బదులు లిఫ్టు గది పైకప్పు ఖాయం చేశాం. డాబా మీద నుంచి తొమ్మిది అడుగుల ఎత్తు ఉంటుంది. డాబా మీదే వేస్తే సరిపోదా అంటే, బంతి దొర్లుకుంటూ నీళ్లు పోయే గొట్టంలో పడుతుంది, లేదా మర్నాడు వాచ్‌మన్ ఊడ్చేస్తాడు.

పేడ బదులు చపాతీ పిండితో ప్రయత్నించాం. నిమ్మకాయంత ముద్ద మొదటిసారి చిట్టి చేతికి పెద్దదైపోయి ఆరడుగుల దగ్గరే పడింది. ఉసిరికాయంత చేశాను. పిండి జారుగా ఉంది కాబోలు, గోడకి కొట్టుకుని అక్కడే అతుక్కుపోయింది. మూడోది కొంచెం గట్టిగా కలిపితే గోడ అంచుకి తగిలి ఇటే పడింది. పై నుంచి బంతిలా విసరడం దానికి రాదు. కింద నుంచి చెయ్యి ఊపి వదలమన్నాను, గోడకి నాలుగడుగుల దూరంలో నిలబెట్టి. ఐదోది ఎక్కింది. ఆరోదీ ఎక్కింది. ఏడోది పక్క అపార్ట్‌మెంటు వాళ్ల డాబా మీద పడింది, దాని సంగతి మాట్లాడుకోలేదు.

అత్తయ్య తెచ్చిన పేడ ఈపాటికి బాల్కనీలో పిడక అయిపోయింది.

జూలై 19, శనివారం

ఊడింది.

సాయంత్రం చినుకులు ఆగాక ఆర్కే బీచ్‌కి వెళ్లాం. బొగ్గుల మీద కాల్చి నిమ్మచెక్కతో ఉప్పూ కారం రాసిన మొక్కజొన్న పొత్తు. చిట్టికి గింజలు వలిచి ఇద్దామనుకున్నాను, కానీ అది ఆ లోపే కొరికేసింది. రెండో కాటుకి ఆగి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చేతి మీద ఎర్రగా రక్తం, పైగా పుండు మీద కారం. గట్టిగా ఏడ్చింది.

నీళ్లు పుక్కిలింపించి, ఉతికిన చేతిరుమాలు మడత పెట్టి ఆ చోట అదిమి కొరకమన్నాను. ఐదు నిమిషాలు తీసి చూడకూడదు, చూస్తే మళ్లీ మొదలవుతుంది. ఆయన గడియారం చూశారు. ఐదో నిమిషానికి రుమాలు తీస్తే ఆగిపోయింది.

అప్పుడు గుర్తొచ్చింది. పన్నేది?

నోట్లో లేదు. ఇసకలో పడిందా, మింగిందా? మింగినా ప్రమాదం లేదు, దగ్గూ ఆయాసమూ లేకపోతే అది తన దారిన బయటికి పోతుంది. కానీ నెల రోజుల ప్రాజెక్టు కూడా దాంతోనే పోతుంది. ఆయన సెల్‌ఫోన్ లైటు వేసి ఇసకలో మోకాళ్ల మీద వెతుకుతున్నారు. పొత్తుల బండి ఆమె కూడా వచ్చి వంగింది. నేను ఊరికే చేతిలో మిగిలిన పొత్తు తిప్పి చూశాను. కాలిన గింజల మధ్య ఒక గింజ మరీ తెల్లగా ఉంది. గోటితో తీస్తే గట్టిగా ఉంది.

లేత మొక్కజొన్న గింజకీ పాలపన్నుకీ తేడా తెలియడానికి లైటు కావాలని ఇవాళ తెలిసింది. తాగే నీళ్లతో కడిగి, రుమాలు కొసకి ముడి వేశాను.

ఇంటికొచ్చాక స్కేలు పెట్టి కొలిచాం. వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, పొడవు ఐదు. కింద వేరు లేదు, గరుకు అంచుతో చిన్న గుంట, అందులో ఎర్రటి చుక్క. "మిగతా సగం లోపలే ఉండిపోయిందా?" అని చిట్టి భయపడింది. లేదు, వేరు కరిగిపోతేనే పన్ను ఊడుతుందని డాక్టరు గారు చెప్పింది మళ్లీ చెప్పాను. నమ్మలేదు. అద్దం ఇచ్చి, వెనకాల ఉన్న కొత్త పన్ను చూపించాక నమ్మింది.

జూలై 20, ఆదివారం

పొద్దున్నే ఆయన పాలాయన శాలకి వెళ్లి క్యారీబ్యాగులో తాజా పేడ తెచ్చారు. అత్తయ్య ఉసిరికాయంత ముద్ద చేశారు. పలచగా ఉందని గుప్పెడు ఎండుగడ్డి ముక్కలు కలిపారు, గోడకి అతుక్కోకుండా అది పట్టు ఇస్తుందట. చపాతీ పిండితో నేను పడ్డ పాట్లకి ఇది ముందే చెప్పొచ్చు కదా.

చిట్టికి తల మీద నుంచి నీళ్లు పోసి కొత్త గౌను వేశాను. నానమ్మ బొట్టు పెట్టారు. బెల్లం ముక్క ఇవ్వబోతే, చిగురు ఇంకా పచ్చిగా ఉందని మెత్తటి పరమాన్నం పెట్టాం. డాబా మీదకి వెళ్లాం.

ముద్దలో పన్ను పెట్టాల్సిన సమయానికి చిట్టి గుప్పిట మూసేసింది.

"ఇది నాది."

మొన్ననే రిహార్సల్ చేసిన పిల్ల. ఆయన నా వైపు చూశారు, నేను అత్తయ్య వైపు. ఆవిడ పీట మీద కూచుని, "నీదే. ఎవరు కాదన్నారు? ఉంచుకుంటావా, ఉడతకిస్తావా, నువ్వే చెప్పు" అన్నారు. బలవంతం చేస్తారేమో అనుకున్నాను నేను. చిట్టి చాలాసేపు ఆలోచించింది. నోట్లో నాలుకతో ఖాళీని తడుముకుంటూనే ఉంది. తర్వాత "పక్కది కూడా ఊగుతుందా?" అని అడిగింది. వేలు పెట్టి చూశాను. ఊగుతోంది, కొంచెం.

"అయితే ఇది ఉడతకి. అది నాకు."

అత్తయ్య పన్ను ముద్దలో నొక్కి, పైన తమలపాకు చుట్టి, పుల్ల గుచ్చి ఇచ్చారు. నాలుగడుగుల దూరం. మేం అనుకున్న పాట, "ఉడతా ఉడతా, పాతది నీకు, కొత్తది నాకు", మూడుసార్లు. మొదటిసారి విసిరితే అంచుకి తగిలి ఇటే పడింది. పుల్ల ఊడిందిగానీ ముద్ద చెదరలేదు. గడ్డి పనిచేసింది. రెండోసారి పైకి ఎక్కి, "టప్" అని చప్పుడు వినిపించింది. ఆ తర్వాత సబ్బుతో రెండుసార్లు చేతులు, గోళ్ల సందులు కూడా.

కిందికొచ్చేసరికి దాని దిండు మీద భరిణె, దాని కింద ఉత్తరం. కూడబలుక్కుంటూ మొత్తం చదివింది. "రంపంలా" దగ్గర ఒకసారి ఆగింది, ఒత్తు వల్ల కాదు, రంపం అంటే తెలియక. ఇంట్లో రంపం లేదు, బ్రెడ్డు కోసే కత్తి చూపించాను.

భరిణె తెరిచి "ఇది ఖాళీ" అంది. పక్క పన్ను కోసం అన్నాను. మూత వేసి, తీసి, వేసి, తీసి. నానమ్మ వేలితో చిటికెడు కుంకుమ వేయబోతే గట్టిగా అరిచింది.

జూలై 22, మంగళవారం

రాత్రి వాన కొట్టింది. నిచ్చెన వేసి లిఫ్టు గది పైకి చూడమని చిట్టి పట్టు పట్టింది. ఆయన ఎక్కారు. వాడిపోయిన తమలపాకు ఒక మూల, పేడ నీళ్లకి కరిగి పచ్చటి మరక. పన్ను కనపడలేదట. నిజంగా వెతికారా అని నేను అడిగితే, వెతికానన్నారు.

సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి భరిణెలో మడిచిన కాగితం ఉంది. నాలుగు మడతలు, మూత సరిగ్గా పడలేదు. రూళ్ల పుస్తకంలోంచి చించిన కాగితం, పెన్సిలుతో రాసింది. నేను ఒక రకం ఒత్తులు వదిలేశాను, అది అన్నీ వదిలేసింది:

"కొత పనూ
తొందరగా రా. మొకజొన తినలేక పోతునా. పకది ఊగుతోంది. రాయడానికి అమని అడగకు. నేను రాసి పెడతా"